రాత్రి షిఫ్టులో డ్రయ్యర్ దగ్గర ఇద్దరు సార్ల మాట కలవనప్పుడు

"పైడిభీమవరం దగ్గర ఒక బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో ప్రొడక్షన్ కెమిస్ట్‌ని, చేరి ఏడాది కాలేదు. డ్రయ్యర్‌లో ఉన్న లాట్ తెల్లారుజామున 3 దాకా కదపొద్దు అని బ్లాక్ ఇన్‌చార్జి సారు వాట్సాప్‌లో పెట్టేసి సాయంత్రం బస్సెక్కి వెళ్లిపోతారు. రాత్రి 11కి షిఫ్ట్ ఇన్‌చార్జి వచ్చి ఇప్పుడే శాంపిల్ తీయి, రిజల్ట్ రాగానే అన్‌లోడ్ చేసెయ్ అంటారు. ఎవరి మాట విన్నా రెండో ఆయన తిడుతున్నారు. ఇద్దరూ నాకు పైవాళ్లే. నేనేం చెయ్యాలి?"

తమ్ముడూ, నేను ఈ రణస్థలం బెల్టులోనే మొదట ప్రొడక్షన్‌లో, తర్వాత క్యూఏలో పనిచేశాను. నువ్వు రాసింది చదువుతుంటే ఆ బ్లాకు, ఆ డ్రయ్యరు, ఆ టైము అన్నీ కళ్ల ముందు కనిపించాయి. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి బస్సుల్లో వచ్చే సగంమంది కెమిస్టులకు మొదటి రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇద్దరిలో ఎవరు పెద్ద అని ఆలోచించే ముందు ఆ లాట్ బీఎంఆర్, అంటే బ్యాచ్ తయారీ రికార్డు, తెరిచి డ్రైయింగ్ పేజీ చూడు. మీ ప్రొడక్ట్ ఏమిటో నాకు తెలియదు కాబట్టి, లెక్క కోసం మామూలుగా కనిపించే అంకెలు పెట్టుకుందాం. జాకెట్‌లో వేడి నీళ్లు 50 నుంచి 55 డిగ్రీలు. వాక్యూమ్ 650 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. డ్రైయింగ్ 8 నుంచి 12 గంటలు. 8 గంటల తర్వాత శాంపిల్ పంపాలి. ఎల్‌ఓడీ 0.5 శాతం మించకూడదు. రిజల్ట్ వచ్చాక 35 డిగ్రీల కిందికి చల్లార్చి, నైట్రోజన్‌తో వాక్యూమ్ బ్రేక్ చేసి, అప్పుడు అన్‌లోడ్ చెయ్యాలి. నీ లాట్ డ్రైయింగ్ మధ్యాహ్నం 3కి మొదలైతే, 8 గంటలు నిండేది రాత్రి 11కి, 12 గంటలు నిండేది తెల్లారుజామున 3కి. షిఫ్ట్ ఇన్‌చార్జి చెప్పిన టైము, బ్లాక్ ఇన్‌చార్జి చెప్పిన టైము సరిగ్గా ఆ రెండు చివర్లలోనే ఉన్నాయి చూశావా? అంటే ఇద్దరూ బీఎంఆర్ లోపలే మాట్లాడుతున్నారు. ఒకాయన కింది హద్దు పట్టుకున్నారు, ఇంకొకాయన పై హద్దు పట్టుకున్నారు.

ఈ ఒక్క సంగతి తేలితే నీ భయం సగం తగ్గుతుంది. రెండు మాటలూ బీఎంఆర్ హద్దుల్లో ఉన్నప్పుడు ఎవరి మాట విన్నా నువ్వు చేసింది తప్పు పని కాదు. అప్పుడు మిగిలేది, ఆ హద్దుల్లో ఎక్కడ ఆగాలో ఎవరు తేల్చాలి, ఆ తేల్చిన సంగతి రెండో ఆయనకు ఎలా చేరాలి అన్నదే. ఒకరి మాట హద్దు దాటిపోతే కథ వేరు. దాని గురించి కింద చెప్తాను.

ఇప్పుడు బ్లాక్ ఇన్‌చార్జి 3 దాకా ఎందుకు ఆగమంటున్నారో చూద్దాం. చాలామంది షిఫ్ట్ ఇన్‌చార్జిలు దీన్ని "ఆయనకి భయం ఎక్కువ" అని కొట్టిపడేస్తారు. నాకు తెలిసినంతలో, పదేళ్లు బ్లాక్ నడిపిన మనిషి ఊరికే 4 గంటల డ్రయ్యర్ టైము వదులుకోడు. ఆయన దగ్గర రాత్రి షిఫ్టుకి తెలియని సమాచారం ఏదో ఉంటుంది. ఎక్కువసార్లు అది రెసిడ్యువల్ సాల్వెంట్, అంటే పొడిలో ఇంకా మిగిలిపోయిన సాల్వెంట్.

మీ వెట్ కేక్‌ను టోలీన్‌తో కడుగుతారనుకో. నువ్వు రాత్రి ఇన్‌ప్రాసెస్ ల్యాబ్‌కి పంపే శాంపిల్‌లో చూసేది ఎల్‌ఓడీ. అంటే పొడిని వేడి చేస్తే ఎంత బరువు తగ్గిందన్న లెక్క. అందులో నీళ్లు, మిథనాల్, టోలీన్ ఏవి ఎంతున్నాయో విడివిడిగా తెలియదు. లాట్ 200 కేజీలైతే 0.5 శాతం ఎల్‌ఓడీ అంటే మొత్తం కేజీ దాకా ఆవిరయ్యే పదార్థం ఉండొచ్చు. కానీ మందుల నాణ్యతకు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే ఐసీహెచ్ టోలీన్‌కి పెట్టిన పరిమితి 890 పీపీఎం. అదే 200 కేజీల్లో అది 178 గ్రాములు. మిథనాల్‌కి 3000 పీపీఎం దాకా ఉంది, కాబట్టి దానితో ఇంత ఇబ్బంది రాదు. టోలీన్ మాత్రం ఎల్‌ఓడీ 0.3 అని చక్కగా పాసైన లాట్‌లో కూడా పరిమితి దాటి ఉండొచ్చు. అది బయటపడేది ఏ సాల్వెంట్ ఎంతుందో విడివిడిగా చూపే జీసీ, అంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ మీద. ఫినిష్డ్ శాంపిల్ క్యూసీకి వెళ్లి జీసీ రిపోర్ట్ వచ్చేసరికి ఒకటి రెండు రోజులు గడుస్తాయి. ఆ రిపోర్ట్ వెళ్లేది బ్లాక్ ఇన్‌చార్జి దగ్గరికి. రాత్రి షిఫ్ట్ ఇన్‌చార్జి టేబుల్ మీదికి అది రాదు.

కాబట్టి పోయిన వారం లాట్‌లో టోలీన్ 800 దాటి అంచుకు వచ్చి ఉంటే, బ్లాక్ ఇన్‌చార్జి మనసులో "ఇకమీదట 12 గంటలు నడపాలి" అని పడిపోతుంది. ఆయన అదే నీకు వాట్సాప్‌లో పెడతారు. కారణం మాత్రం పెట్టరు.

షిఫ్ట్ ఇన్‌చార్జి వైపు నుంచి కూడా చూడు. ఆయన రాగానే సెంట్రిఫ్యూజ్ దగ్గర ఇంకో లాట్ తిరుగుతూ ఉంటుంది. ఆ వెట్ కేక్ దించాక వేసే చోటు అదే డ్రయ్యర్. అది ఖాళీ కాకపోతే కేక్ డ్రమ్ముల్లో, లైనర్లలో కూర్చోవాలి. దానికీ బీఎంఆర్‌లో హోల్డ్ టైమ్ ఉంటుంది. తెల్లారి మీటింగ్‌లో "రాత్రి ఎన్ని లాట్లు దించావు" అని అడిగేది ఆయన్నే. పైగా ఆయనకు ఎల్‌ఓడీ పాస్ అని కాగితం కనబడుతోంది, 8 గంటలు నిండాయి. ఆయన తొందరకు ఆయన కారణం ఆయనకుంది.

ఇంకో సంగతి, ఎక్కువసేపు ఆరబెడితే ఎప్పుడూ మంచిదే అనుకోకు. మీ ప్రొడక్ట్ హైడ్రేట్ అయితే అందులో నీళ్లు స్ఫటికంలో భాగంగా ఉండాలి. అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్‌నే తీసుకో. నీళ్లు 11.5 నుంచి 14.5 శాతం మధ్య ఉండాలి. అలాంటిదాన్ని "సేఫ్ సైడ్" అని అదనంగా 2 గంటలు తిప్పితే నీళ్లు కింది హద్దు దాటి పడిపోతాయి. అప్పుడు ఎక్కువ ఆరబెట్టమన్న సారు మాటే లాట్‌ను ఫెయిల్ చేస్తుంది. అందుకే పై హద్దును కూడా కింది హద్దంత గట్టిగానే పట్టుకోవాలి.

ఇక నీ రాత్రి ఎలా గడవాలో వరుసగా చెప్తాను.

నీ సీ షిఫ్ట్ రాత్రి 10కి మొదలవుతుంది. శాంపిల్ టైము 11. నీకు ఉన్న గంటలోనే ఈ పని అయిపోవాలి. 11 దాటాక, షిఫ్ట్ ఇన్‌చార్జి డ్రయ్యర్ పక్కన నిలబడ్డాక మొదలుపెడితే అది ఆయన మాటకు ఎదురు చెప్పినట్టు ఉంటుంది. 10 గంటలకే హ్యాండోవర్ తీసుకోగానే బీఎంఆర్ పట్టుకుని ఆయన దగ్గరికి నువ్వే వెళ్లు. ఈ మాత్రం చెప్తే చాలు: "సార్, ఈ లాట్‌కి 11కి 8 గంటలవుతాయి. బ్లాక్ సారు 3 దాకా నడపమని మెసేజ్ పెట్టారు. బీఎంఆర్‌లో 8 నుంచి 12 ఉంది. కారణం ఏమిటో ఆయన రాయలేదు. మీరొకసారి మాట్లాడతారా, ఇంటర్‌కామ్ నుంచి కలపమంటారా?"

ఇందులో చూడు, "ఆయన వద్దన్నారు" అన్న మాట లేదు. అది అంటే షిఫ్ట్ ఇన్‌చార్జికి చురుక్కుమంటుంది. "కారణం రాయలేదు" అన్నావు కాబట్టి ఆయన ఫోన్ చేసి కారణం అడగడానికి దారి దొరికింది. ఇద్దరు పైవాళ్ల మధ్య నువ్వు మాటలు మోయకూడదు. నువ్వు మోస్తే ఒక్కో మాట మోసినప్పుడల్లా కాస్త రంగు మారుతుంది, చివరికి ఆ రంగు నీ మీదే పడుతుంది. వాళ్లిద్దరినీ ఒకే లైన్లో కూర్చోబెట్టి, నువ్వు పక్కన బీఎంఆర్ పేజీ పట్టుకుని నిలబడు. నేను చూసినంతలో ఆ ఫోన్ రెండు నిమిషాలు మించి సాగదు. "పోయిన లాట్‌లో టోలీన్ అంచుకు వచ్చింది సార్" అని ఒకాయన అంటే, "ముందే చెప్పొచ్చు కదా" అని ఇంకొకాయన అంటారు. అక్కడితో అయిపోతుంది. ఎప్పుడైనా సెంట్రిఫ్యూజ్‌లో కేక్ హోల్డ్ టైమ్ నిజంగా దగ్గరపడి ఉంటే, బ్లాక్ ఇన్‌చార్జే 10 గంటల డ్రైయింగ్‌తోనే దించమని ఒప్పుకోవడమూ చూశాను.

రాత్రి 10 దాటాక పెద్దాయనకు ఫోన్ చెయ్యాలంటే బెరుకు ఉంటుంది. పడుకుని ఉంటారేమో, విసుక్కుంటారేమో అని. అయినా చెయ్యి. ఆయన ఆ మెసేజ్ పెట్టినప్పుడే రాత్రి ఫోన్ రావచ్చని ఆయనకు తెలుసు. తెల్లారాక లాట్ పోయిందని తెలిసినప్పుడు వచ్చే కోపంతో పోలిస్తే ఈ విసుగు ఏపాటిది? వాట్సాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సాల్వెంట్ వాడే బ్లాక్‌లోకి మామూలు ఫోను తీసుకెళ్లకూడదు, అది నీకు తెలిసిందే. లాకర్లో ఉన్న ఫోనులోని మెసేజ్‌ను డ్రయ్యర్ దగ్గర ఉన్న ఆపరేటర్‌కు ఎలా చూపిస్తావు? రేపు ఆడిట్‌లో ఎవరైనా "12 గంటలు ఎందుకు నడిపారు" అంటే ఆ మెసేజ్ రికార్డు కాదు. కాబట్టి ఫోన్‌లో తేలిన మాటను షిఫ్ట్ లాగ్‌బుక్‌లోకి ఎక్కించు. ఇలా రాస్తే సరిపోతుంది:

"రాత్రి 10.25. డ్రయ్యర్ లాట్ గురించి షిఫ్ట్ ఇన్‌చార్జి, బ్లాక్ ఇన్‌చార్జి ఫోన్‌లో మాట్లాడారు. 12 గంటలు నడిపి 3.00కి శాంపిల్ పంపాలని నిర్ణయం. కారణం: గత లాట్ రెసిడ్యువల్ సాల్వెంట్ ఫలితం. వెట్ కేక్ హోల్డ్ టైమ్ పరిధిలో ఉంది."

కింద నీ సంతకం, టైము. వీలైతే షిఫ్ట్ ఇన్‌చార్జి సంతకం కూడా పెట్టించు. ఈ నాలుగు వాక్యాల్లో ఎవరి మీదా ఫిర్యాదు లేదు. ఎవరు ముందు ఏమన్నారు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది నువ్వు రాయనక్కర్లేదు. తేలింది ఏమిటి, ఎందుకు, ఎన్ని గంటలకు, అంతే.

బ్లాక్ ఇన్‌చార్జి ఫోన్ ఎత్తకపోతే? ఒకసారి కాదు, పదేసి నిమిషాల తేడాతో రెండు మూడుసార్లు చేయించు. అయినా దొరకకపోతే ఆ షిఫ్టుకు బాధ్యుడు షిఫ్ట్ ఇన్‌చార్జే. బీఎంఆర్ లోపల ఆయన చెప్పినట్టు నడవడమే సరైన పని. అయితే ఆయన చెప్పిన దాంట్లో రెండు పనులు ఉన్నాయని గమనించు. శాంపిల్ తీయడం ఒకటి, అన్‌లోడ్ చెయ్యడం ఇంకొకటి. శాంపిల్ తీస్తే పోయేదేమీ లేదు. డ్రయ్యర్ ఆపి, నైట్రోజన్‌తో వాక్యూమ్ బ్రేక్ చేసి, శాంపిల్ తీసి, మళ్లీ వాక్యూమ్ పెట్టి తిప్పడానికి ఓ అరగంట పడుతుంది. రిజల్ట్ వచ్చేదాకా లాట్ ఆరుతూనే ఉంటుంది. అన్‌లోడ్ చేస్తే మాత్రం అయిపోయినట్టే. దించిన పొడిని మళ్లీ డ్రయ్యర్‌లో వేయాలంటే అది డీవియేషన్, క్యూఏ అనుమతి, ఇంకో రికార్డు. కాబట్టి శాంపిల్ మాటకు వెంటనే సరే అను. అన్‌లోడ్ దగ్గర ఇలా అడుగు: "సార్, శాంపిల్ తీసేస్తున్నాను. రిజల్ట్ వచ్చేలోపు బ్లాక్ సారు దొరుకుతారేమో ఇంకోసారి చూద్దామా?" హాలోజన్ మాయిశ్చర్ బ్యాలెన్స్ మీద చేస్తే అరగంటలో రిజల్ట్ వస్తుంది. ఓవెన్‌లో పెట్టే పద్ధతైతే కొన్ని గంటలు పడుతుంది. ఏదైనా నీకు కాస్త టైము దొరికింది, షిఫ్ట్ ఇన్‌చార్జి మాట కూడా చెల్లింది. శాంపిల్ పంపేటప్పుడే రిక్వెస్ట్ మీద జీసీ కూడా అడగొచ్చా అని ఆయన్నే అడిగి చూడు. రాత్రి జీసీ చేసే మనిషి ఉంటే అసలు గొడవే తీరిపోతుంది.

రిజల్ట్ పాసయ్యాక కూడా ఆయన దొరకలేదు, షిఫ్ట్ ఇన్‌చార్జి దించమన్నారు అంటే దించు. మళ్లీ లాగ్‌బుక్‌లో రాయి: ఎన్ని గంటలకు ఫోన్ చేశాం, దొరకలేదు, ఎల్‌ఓడీ ఎంత వచ్చింది, షిఫ్ట్ ఇన్‌చార్జి సూచన మేరకు అన్‌లోడ్ మొదలు. తెల్లారి 6కి వచ్చే పొద్దుటి 'ఏ' షిఫ్ట్ కెమిస్ట్‌కి హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు ఈ ఎంట్రీ వేలు పెట్టి చూపించు, బ్లాక్ సారు రాగానే చెప్పమను. నువ్వు బస్సెక్కి వెళ్లిపోయాక ఆయనకు ఈ సంగతి ఇంకెవరి నోటో తెలియకూడదు.

ఇక్కడ ఒక్కచోట మాత్రం గట్టిగా ఉండాలి. తొందరలో అన్‌లోడ్ చేసేటప్పుడు ముందుగా ఎగిరిపోయేది కూలింగ్. 50 డిగ్రీల దగ్గర నుంచి 35కి చల్లారడానికి గంట, గంటన్నర పడుతుంది. "వేడిగానే దించెయ్, ఏమవుతుంది" అంటారు. సాల్వెంట్ ఆవిరి ఇంకా ఉన్న వేడి పొడిని మ్యాన్‌హోల్ తెరిచి లైనర్‌లోకి జార్చడమంటే, జారే పొడిలో స్టాటిక్ పుట్టేది అక్కడే, గాలి తగిలేది అక్కడే. నిప్పురవ్వకు కావాల్సినవన్నీ ఒకచోట చేరినట్టు. చల్లారకుండా, నైట్రోజన్‌తో బ్రేక్ చెయ్యకుండా, ఎర్తింగ్ క్లాంప్ పెట్టకుండా దించమని ఇద్దరిలో ఎవరు చెప్పినా, ఇద్దరూ కలిసి చెప్పినా వినకు. అక్కడ ఎవరి మాట అన్న ప్రశ్నే లేదు. "సార్, టెంపరేచర్ ఇంకా 46 ఉంది, 35 రాగానే తెరుస్తాను" అని చెప్పి కూలింగ్ వాల్వ్ తెరిచి నిలబడు. ఇంకా బలవంతం చేస్తే సేఫ్టీ వాళ్లకు ఫోన్ చెయ్యి. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41హెచ్ అనే సెక్షన్ చేర్చారు. ప్రాణానికి, ఆరోగ్యానికి వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే ఆ సంగతి యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కు ప్రమాదకరమైన పనులు జరిగే ఫ్యాక్టరీల్లో కార్మికుడికి ఉందని అందులో ఉండేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. అది నీ సొంత ధైర్యం మీద వదిలేసిన విషయం కాదు.

ఇప్పుడు హద్దు దాటిన మాట గురించి. బ్లాక్ ఇన్‌చార్జి "14 గంటలు నడుపు" అన్నారనుకో, బీఎంఆర్‌లో 12 వరకే ఉంది. లేదా షిఫ్ట్ ఇన్‌చార్జి "7 గంటలకే శాంపిల్ తీసెయ్, రిజల్ట్ రాకముందే దించడం మొదలుపెట్టు" అన్నారనుకో. ఆ మాట చెప్పే అధికారం వాళ్లిద్దరికీ లేదు, ప్లాంట్ హెడ్‌కి కూడా లేదు. ఏపీఐ, అంటే మందులో పనిచేసే అసలు పదార్థం, తయారీకి ఐసీహెచ్ క్యూ7 అనే మార్గదర్శకం ఉంది. మన ప్లాంట్ల ఎస్‌ఓపీలు చాలావరకు దాని మీదే నిలబడి ఉంటాయి. అందులో క్వాలిటీ యూనిట్ ప్రొడక్షన్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండాలని ఉంది. నిర్దేశించిన పద్ధతి నుంచి ఎక్కడ పక్కకు జరిగినా దాన్ని రికార్డు చేసి, వివరణ ఇవ్వాలని కూడా ఉంది. కాబట్టి అప్పుడు నువ్వు పిలవాల్సింది రెండో సారును కాదు, తయారీ జరుగుతుండగానే క్వాలిటీ తరఫున చూసే, షిఫ్టులో ఉన్న ఐపీక్యూఏ అతన్ని. "బీఎంఆర్‌లో 12 ఉంది, 14 అడుగుతున్నారు, డీవియేషన్ పెట్టాలా?" అని అడిగితే ఫారం అతనే తెస్తాడు. ఫారం మీద కారణం రాసి సంతకం పెట్టాల్సింది అడిగిన సారే. నేను చూసినంతలో, ఫారం టేబుల్ మీదికి రాగానే సగం సూచనలు వాటంతటవే వెనక్కి వెళ్లిపోతాయి. నిజంగా అవసరమైనవి మాత్రం సంతకంతో ముందుకు నడుస్తాయి. అలా నడిస్తే నీకు ఏ ఇబ్బందీ లేదు.

నువ్వు రాయలేదు గానీ, ఇలాంటి గొడవల్లో చివరికి వచ్చేది ఇదే కాబట్టి చెప్తున్నాను. ఇద్దరినీ సంతోషపెట్టాలని 11కి దించేసి, రికార్డులో 3 అని రాయమంటారు. లేదా నువ్వే అలా రాద్దామనుకుంటావు, తిట్లు తప్పుతాయి కదా అని. అది మాత్రం ఎప్పుడూ చెయ్యకు. చేసిన పని చేసిన వెంటనే, చెరగని ఇంకుతో, చేసిన మనిషే రాయాలి. తప్పు పడితే పాత అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. ఇది కూడా క్యూ7లో ఉన్నదే. డ్రయ్యర్ వాక్యూమ్, టెంపరేచర్ల ట్రెండ్ పీఎల్‌సీలో ఉంటుంది. శాంపిల్ అందిన టైము ల్యాబ్ రిజిస్టర్‌లో ఉంటుంది. లైనర్లు తూచిన టైము బ్యాలెన్స్ ప్రింట్‌లో ఉంటుంది. ఆడిటర్ ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటాడు. నేను క్యూఏలో ఉన్నప్పుడు ఒక ప్లాంట్‌లో చూశాను, లాట్ చక్కగా స్పెసిఫికేషన్‌లో ఉంది, దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. బీఎంఆర్‌లో అన్‌లోడ్ టైము బ్యాలెన్స్ ప్రింట్ కంటే గంటన్నర వెనక ఉంది. మూడు రోజుల ఆడిట్ అంతా ఆ గంటన్నర చుట్టూనే తిరిగింది. రాసిన కుర్రాడు, చెప్పిన మనిషి, ఇద్దరూ సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. చెప్పిన మనిషికి తాను చెప్పినట్టు కాగితం మీద ఎక్కడా లేదు. కుర్రాడికి మాత్రం తన సంతకం ఉంది. బ్లాక్ ఇన్‌చార్జి తిట్టే తిట్టు ఒక పూట. ఈ సంతకం ఫైల్లో ఉండిపోతుంది.

ప్రతి రాత్రీ ఇలా ఫోన్లు చేసుకుంటూ కూర్చోవడం కుదరదు కదా. అసలు లోపం ఏమిటంటే, బ్లాక్ ఇన్‌చార్జి మనసులో ఉన్న 12 గంటలు బీఎంఆర్‌లో 8 నుంచి 12 అనే ఉన్నాయి. టోలీన్ కోసం 12 కావాలని ఆయన నమ్మితే దానికి దారి చేంజ్ కంట్రోల్, అంటే క్యూఏ అనుమతితో బీఎంఆర్‌నే మార్పించడం. పోయిన కొన్ని లాట్ల డ్రైయింగ్ గంటలు, జీసీ ఫలితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే క్యూఏ దాన్ని పరిశీలిస్తుంది. కింది హద్దు 8 నుంచి 10కో 12కో జరగొచ్చు, లేదా ఇన్‌ప్రాసెస్‌లో జీసీ చేర్చవచ్చు. అప్పుడు షిఫ్ట్ ఇన్‌చార్జి 11కి శాంపిల్ తీయమనే అవకాశమే ఉండదు. ఇది నువ్వు ఒక్కడివీ చేయించగలిగింది కాదు. కానీ ఆ లెక్క తయారు చేసి చేతిలో పెట్టడం నీ వల్ల అవుతుంది. బీఎంఆర్‌లు నీ దగ్గరికే వస్తాయి. ఒక కాగితం మీద లాట్ నంబరు, డ్రైయింగ్ గంటలు, ఎల్‌ఓడీ, టోలీన్ అని నాలుగు గళ్లు గీసి నింపు. టోలీన్ అంకెలు క్యూసీలో నీ బ్యాచ్‌మేట్ ఎవరినైనా నోటిమాటగా అడగకు. బ్లాక్ సారునే అడుగు, "సార్, రాత్రి ఎందుకు ఆపుతున్నామో అర్థం చేసుకోవాలని" అని. ఆ మాట విన్న ఏ పెద్దాయనా కోప్పడగా నేను చూడలేదు.

చేంజ్ కంట్రోల్ తేలడానికి నెలలు పడుతుంది. అందాకా ఏం చెయ్యాలంటే, నీకు పొద్దుటి 'ఏ' షిఫ్ట్ వచ్చిన వారంలో, మధ్యాహ్నం 2కి షిఫ్ట్ దిగాక పది నిమిషాలు బ్లాక్ సారు దగ్గర కూర్చో. ఆ సమయానికి ఆయన మార్నింగ్ మీటింగులు, డిస్పాచ్ గొడవలు అయిపోయి కాస్త తెరిపిన పడి ఉంటారు. రాత్రి సూచనలు వాట్సాప్‌లో కాకుండా షిఫ్ట్ ఇన్‌స్ట్రక్షన్ బుక్‌లో, కారణం ఒక ముక్కతో రాసి పెట్టమని అడుగు. "3 దాకా నడపాలి" అని మాత్రమే ఉంటే షిఫ్ట్ ఇన్‌చార్జికి అది ఆజ్ఞలా కనబడుతుంది. "గత లాట్ టోలీన్ 820, అందుకని 3 దాకా" అని ఉంటే ఆయనకే ఆగాలనిపిస్తుంది. పరిస్థితి మారి దించాల్సి వస్తే ఆయన కూడా అదే పుస్తకంలో కింద రాసి సంతకం పెడతారు. ఒకే పేజీలో ఇద్దరి రాతా ఉంటుంది, మధ్యలో నువ్వు ఉండవు.

షిఫ్ట్ ఇన్‌చార్జి మీద ఫిర్యాదులా వినిపించకుండా చూసుకో. ఆయన పేరు ఎత్తకుండానే ఈ మాటంతా అడగొచ్చు. ఆ సాయంత్రమో, మర్నాడో ఆయనకు కూడా చెప్పు: "సార్, రాత్రి సూచనలు బుక్‌లో రాయమని బ్లాక్ సారుని అడిగాను, మీకూ తేలిగ్గా ఉంటుందని." వెనక నుంచి చేరితే అదే మాట వేరేలా వినిపిస్తుంది.

అప్రైజల్ గురించి నీ మనసులో ఉంటుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. చాలా ప్లాంట్లలో నీ రేటింగ్ రాసేది బ్లాక్ ఇన్‌చార్జి. అందుకని రాత్రి ఎప్పుడూ ఆయన మాటే పట్టుకుని షిఫ్ట్ ఇన్‌చార్జిని కాదంటే ఆయన సంతోషిస్తారని లెక్క వేసుకోవచ్చు. కొన్నాళ్లు అలా నడుస్తుంది కూడా. కానీ నెలలో నువ్వు ఎక్కువ రాత్రులు గడిపేది షిఫ్ట్ ఇన్‌చార్జితో. రియాక్టర్ టెంపరేచర్ పెరిగినా, వాక్యూమ్ పంప్ ట్రిప్ అయినా, ఆపరేటర్ రాకపోయినా పరిగెత్తుకొచ్చేది ఆయనే. బ్లాక్ ఇన్‌చార్జి కూడా ఒకప్పుడు ఆ కుర్చీలో కూర్చుని వచ్చినవారే. వాళ్లకు కావాల్సింది తమ మాట నెగ్గించే కుర్రాడు కాదు. తెల్లారి వచ్చేసరికి లాట్ ఎక్కడుందో, ఎందుకు అక్కడుందో లాగ్‌బుక్ చూసి అర్థమయ్యేలా చేసే కుర్రాడు కావాలి.

ఈ వారం సీ షిఫ్టే అయితే, రేపు రాత్రి 10 గంటల ఆ మాటతోనే మొదలుపెట్టు. ఫోన్‌లో ఏం తేలిందో, మీ బీఎంఆర్‌లో డ్రైయింగ్ గంటలు, శాంపిల్ టైము ఎలా ఉన్నాయో ఇక్కడే రాయి. ప్రొడక్ట్ పేరు, కంపెనీ పేరు పెట్టకు. హైడ్రేటా కాదా, ఆఖరి వాష్ ఏ సాల్వెంట్ అన్నది మాత్రం చెప్తే మిగతాది చూసి చెప్తాను.